కూతురు ఒక్కతే ఉంటే బాబాయికి ఎంత వస్తుంది?

షాహీన్: మా నాన్నగారు చనిపోయి నాలుగు నెలలైంది. మేము సున్నీలం, హనఫీ పద్ధతి పాటిస్తాం. నాన్నకు నేనొక్కదాన్నే సంతానం. అమ్మ ఉంది. తాతయ్య, నానమ్మ ఎప్పుడో పోయారు. నాన్నకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉన్నారు. ముగ్గురూ ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. “నీకు సగం, నాకు సగం” అంటున్నారు బాబాయి. మరి అమ్మకో అని అడిగితే, నీ సగంలోంచి ఇచ్చుకో అన్నారు. ఇది సరైనదేనా?

రఫీ: సంతానం ఉండగా తమ్ముడికి ఏమీ రాదు. అన్నదమ్ముల వాటా గురించి ఖురాన్ చెప్పింది సంతానం లేకుండా పోయినవాడి విషయంలోనే. కూతురు సంతానం కాదా?

యాకూబ్: రఫీ, కొడుకు ఉండి ఉంటే నీ మాట నిజమే. షియాల లెక్కలో కూతురు ఉన్నా నిజమే. సున్నీ పండితుల్లో అత్యధికులు మాత్రం తమ్ముణ్ణి తప్పించాలంటే కొడుకు ఉండాలన్నారు. దానికి ఆధారం ఉహుద్ యుద్ధంలో చనిపోయిన సాద్ ఇబ్నె రబీ ఉదంతం. ఆయనకు భార్య, ఇద్దరు కూతుళ్లు. ఆస్తంతా ఆయన సోదరుడు తీసుకుంటే ఆ భార్య ప్రవక్త దగ్గరికి వెళ్లి చెప్పుకుంది. కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో అని ప్రవక్త ఆ సోదరుడికి చెప్పారు. ఆయన్ని వట్టి చేతులతో పంపలేదు, ముందు వరుసలోనూ నిలబెట్టలేదు.

షాహీన్ గారూ, మీ బాబాయి పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది. ఆయన అసబా, అంటే శేషం అందుకునే మనిషి. ఆయనకంటూ ముందే రాసిపెట్టిన భిన్నం లేదు. ఆస్తిని ఎనిమిది భాగాలు చేయండి. మీ అమ్మకు ఒకటి, మీకు నాలుగు. మిగిలినవి మూడు. మీ మేనత్త కూడా ఉన్నారు కాబట్టి ఆ మూడింటినీ అన్నాచెల్లెళ్లిద్దరూ రెండుకు ఒకటి చొప్పున పంచుకోవాలి. బాబాయికి రెండు, మేనత్తకు ఒకటి. ఆయన చెప్పిన సగం అసలు నిలబడదు. మీ సగం, ఆయన సగం పోతే మీ అమ్మకు ఇవ్వడానికి ఏమీ మిగలదు కదా!

మెహరున్నీసా: మాకు జరిగింది వేరు. మేము ఇద్దరం అక్కాచెల్లెళ్లం. అమ్మ అప్పటికే లేదు. నాన్నకు అన్నదమ్ములెవరూ మిగల్లేదు, మేనత్తలూ లేరు. అయినా పెద్దనాన్న కొడుకు వచ్చి మూడో వంతు తీసుకున్నాడు. ఆ పెద్దనాన్న కూతురికి మాత్రం ఏమీ రాలేదు. పద్ధతి ప్రకారమే అన్నారు. నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

యాకూబ్: పద్ధతి ప్రకారమేనమ్మా. సోదరుడు లేనప్పుడు అతని కొడుకు అదే వరుసలోకి వస్తాడు, కూతురు రాదు. మీకు కలిగిన బాధ చట్టాలు చేసేవాళ్లకూ కలిగింది. ట్యునీషియాలో 1959లో చట్టం మార్చి, కూతురు ఉంటే శేషం కూడా ఆమెకే చెందేలా చేశారు. సంప్రదాయ హనఫీ లెక్కలో అయితే కూతురికి సగానికి మించి దక్కాలంటే, అసబా వరుసలో దూరపు మగ బంధువు కూడా ఉండకూడదు.

అక్బర్: మా నాన్నకు తల్లి వైపు తమ్ముడు ఉన్నారు, తండ్రులు వేరు. ఆయనకూ ఇదే లెక్కా?

యాకూబ్: కాదు. కూతురు ఉంటే తల్లి వైపు సోదరుడు పూర్తిగా తప్పుకుంటాడు. తండ్రి ఒక్కడే, తల్లులు వేరు అయితే అసబానే, కానీ సొంత తమ్ముడు ఉంటే అతనికీ రాదు. అందుకే ‘తమ్ముడు’ అని విన్నవెంటనే ఎవరి వైపు అని అడగాలి.

షాహీన్ గారూ, ఎనిమిది భాగాలు చేసే ముందు ఒకటి చూడండి. పెళ్లిలో మీ నాన్న ఇస్తానన్న మహర్ మీ అమ్మకు ముట్టిందా? ముట్టకపోతే అది మీ నాన్న అప్పు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీరాకే పంపకం. మహర్ తీసుకున్నా అమ్మ ఎనిమిదో వంతు తగ్గదు.

షాహీన్: నికాహ్‌నామా తీసి చూశాం. సగం మహర్ తర్వాత ఇస్తానని రాసి ఉంది. ఇచ్చినట్టు ఎక్కడా లేదు, అమ్మ కూడా ముట్టలేదనే అంటోంది. ఇంకొకటి. “ఈ ఇల్లు షాహీన్‌దే” అని నాన్న బంధువుల ముందు చాలాసార్లు అన్నారు. అది పంపకంలోంచి పోతుందా?

రఫీ: నోటి మాట చాలు. హిబాకు, అంటే బతికుండగా ఇచ్చే కానుకకు, కాగితం అక్కర్లేదు.

యాకూబ్: కాగితం అక్కర్లేదన్నది నిజం, మాట ఒక్కటే చాలదన్నదీ నిజం. ఇచ్చానని చెప్పాలి, పుచ్చుకున్నవారు ఒప్పుకోవాలి, స్వాధీనం చేయాలి. “నా తర్వాత నీదే” అన్న అర్థంలో అని ఉంటే అది వసియ్యత్. వారసురాలి పేర వసియ్యత్ చెల్లాలంటే ఆయన పోయాక మిగతా వారసులు ఒప్పుకోవాలి. మీ నాన్నగారు చివరిదాకా అదే ఇంట్లో ఉన్నారా? తాళాలు ఎవరి దగ్గర ఉండేవి?

షాహీన్: ముగ్గురం అందులోనే ఉన్నాం. తాళాలు అమ్మ కొంగుకే ఉండేవి.

యాకూబ్: అయితే ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. ఆయన సరిగ్గా ఏ మాటలు అన్నారో, విన్నవాళ్ల చేత విడివిడిగా రాయించి పెట్టుకోండి. బాబాయిని కూడా అడగండి, ఆయనా అక్కడే ఉన్నారేమో.