తల్లి పోయాక విడాకుల డిక్రీ వస్తే కూతురికి ఫ్యామిలీ పింఛను ఉంటుందా?

గోదారిగట్టు
మా మామయ్య కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో చేసి 2018 జూన్‌లో 60 ఏళ్లకి రిటైరయ్యారు. ఆఖరి బేసిక్ 60,400. 2020 ఆగస్టులో పోయారు. అప్పట్నుంచి అత్తయ్యకి ఫ్యామిలీ పింఛను వచ్చేది. ఆవిడా 2024 నవంబరులో పోయారు. ఒక్కతే కూతురు, 38 ఏళ్లు, చాలాకాలంగా పుట్టింట్లోనే. 2023 మార్చిలో ఫ్యామిలీ కోర్టులో విడాకులకి వేసింది, డిక్రీ 2025 సెప్టెంబరులో వచ్చింది. బ్యాంకులో అడిగితే "అమ్మగారు పోయేనాటికి ఈవిడ పెళ్లయిన మనిషే కదా, రాదు" అన్నారు. నిజమేనా? వస్తే ఎంత వస్తుంది?

పాతబస్తీ పంతులు
బ్యాంకువాళ్లు చెప్పింది కరెక్టే. తల్లిదండ్రులు బతికుండగానే విడాకులు అయి ఉండాలి. తర్వాత వచ్చిన డిక్రీకి పింఛను లేదు.

సెటిల్‌మెంట్ సెక్షన్
పంతులుగారూ, అది పాత మాట. 2017 జులై 19న పింఛన్ల శాఖ ఇచ్చిన ఉత్తర్వుతో మారింది. ఉద్యోగి గానీ, పింఛనుదారు గానీ, వాళ్ల భార్య లేదా భర్త గానీ బతికుండగా కోర్టులో కేసు దాఖలై ఉంటే చాలు, డిక్రీ ఆ తర్వాత వచ్చినా కూతురు అర్హురాలే. ఇక్కడ కేసు పడింది 2023 మార్చి, తల్లి పోయింది 2024 నవంబరు. కాబట్టి ఈ గీత దాటినట్టే.

కానీ ఒక మెలిక ఉంది. పింఛను మొదలయ్యేది తల్లి పోయిన మర్నాటి నుంచి కాదు, విడాకులైన తేదీ నుంచి. 2024 నవంబరు నుంచి 2025 సెప్టెంబరు దాకా ఉన్న కాలానికి బకాయి రాదు. అది కూడా కలిపి అడిగితే ఫైలు ఒకసారి వెనక్కి వచ్చి అక్కడే నెలలు పోతాయి.

బ్యాంకుని అడగడమే అసలు పొరపాటు. పీపీఓలో, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వులో, పేరున్న భార్యకైతే మరణ ధ్రువపత్రం చూపిస్తే బ్యాంకే మొదలుపెడుతుంది. కూతురి విషయంలో బ్యాంకుకి మంజూరు చేసే అధికారమే లేదు, కాదనే అధికారమూ లేదు. మామయ్యగారు ఆఖరున పనిచేసిన ఆఫీసుకి దరఖాస్తు పెట్టాలి. అక్కణ్నుంచి పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకి, ఆ తర్వాత సెంట్రల్ పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసుకి వెళ్లి, చివరికి బ్యాంకుకి ఆదేశం వస్తుంది.

నల్లమల నీడ
ఎంతో నేను చెప్తా. పెద్దాయన పోయిన దగ్గర్నుంచి ఏడేళ్లు పెంచిన రేటు, అంటే జీతంలో సగం. 2020 ఆగస్టు నుంచి లెక్కేస్తే 2027 ఆగస్టు దాకా 30,200 రావాలి. డీఏ అదనం.

సెటిల్‌మెంట్ సెక్షన్
సగం కరెక్టు. రిటైరయ్యాక పోతే ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే తేదీ, ఈ రెండిట్లో ఏది ముందొస్తే అది. 2018 జూన్‌లో 60 నిండాయంటే 67 నిండేది 2025 జూన్. కాబట్టి పెంచిన రేటు అక్కడితో ఆగిపోయింది. అత్తయ్యగారు ఉన్నన్నాళ్లూ ఆవిడకి 30,200 వచ్చి ఉండాలి. కూతురి పింఛను మొదలయ్యేది సెప్టెంబరులో, అప్పటికే మామూలు రేటు. 60,400లో 30 శాతం, 18,120. 2025 జులై నుంచి అమలైన 58 శాతం డీఆర్, అంటే పింఛను మీద ఇచ్చే కరువు భత్యం, కలిపితే 28,630. మనిషి మారినంత మాత్రాన పెంచిన రేటు గడియారం మళ్లీ మొదటికి రాదు.

పదేళ్లా ఏడేళ్లా అన్న గొడవ చాలామందికి ఉంటుంది. సర్వీసులో ఉండగా పోతే పెంచిన రేటు పదేళ్లు, దానికి వయసు పరిమితి లేదు. ఏడేళ్ల లెక్క రిటైరైనవాళ్లది.

విశాఖ వాస్తవ్యుడు
ఇంకో చోట కూడా జనం పడిపోతారు. మామయ్యగారు పింఛనులో 40 శాతం కమ్యూట్ చేసి, అంటే ఆ భాగానికి ముందే ఏకమొత్తం తీసుకుని ఉంటే 30,200లో 12,080 పోయి ఆయనకి వచ్చిన బేసిక్ కూడా 18,120 అయ్యుంటుంది. పాస్‌బుక్కులో అదే అంకె చూసి "నాన్న పింఛనే కూతురికి వచ్చింది" అనుకుంటారు. రెండూ వేరు. ఆయన డీఆర్ పూర్తి 30,200 మీద లెక్క, కూతురి డీఆర్ 18,120 మీదే. కమ్యుటేషన్ కోత ఫ్యామిలీ పింఛనుకి తగలదు. అది చూపించి తగ్గిస్తే ఒప్పుకోవద్దు.

స్పిన్నింగ్ మిల్లు
మా నాన్న మిల్లులో చేశారు, పీఎఫ్ పింఛను. అమ్మ పోయాక విడాకులైన మా చెల్లికి రాలేదు. మరి వీళ్లకెలా వస్తుంది?

సెటిల్‌మెంట్ సెక్షన్
మీది ఈపీఎస్-95. చట్టమే వేరు. అక్కడ పింఛను తీసుకుంటూ సభ్యుడు పోతే భార్యకి ఆయన పింఛనులో సగం, పిల్లలకి భార్య పింఛనులో 25 శాతం చొప్పున ఇద్దరికి, అదీ 25 ఏళ్ల దాకానే. వైకల్యం ఉన్న పిల్లలకైతే జీవితాంతం. విడాకులైన కూతురనే వర్గం అక్కడ లేదు. రాష్ట్ర ఉద్యోగుల జీఓలూ వేరే, వాటిని ఇక్కడ కలపొద్దు.

గోదారిగట్టు
థాంక్సండీ. ఆమె ట్యూషన్లు చెప్తుంది, నెలకి 8 వేలు వస్తాయి. అడ్డమా?

సెటిల్‌మెంట్ సెక్షన్
అడ్డం కాదు. నెల ఆదాయం కనీస ఫ్యామిలీ పింఛను 9,000, దాని మీద డీఆర్ కలిపిన మొత్తానికి లోపు ఉండాలి. 58 శాతం లెక్కన 14,220. అయితే ఆదాయపు పత్రం ఇప్పటిదొక్కటే కాదు, తల్లి పోయేనాటికి ఆమె మీద ఆధారపడి ఉన్నట్టు కూడా చూపాలి. అప్పటి రేషన్ కార్డులో, బ్యాంకు ఖాతాలో పుట్టింటి చిరునామా ఉంటే బలం.

డిక్రీతో పాటు పిటిషన్ ధ్రువీకృత నకలు కూడా తీయించండి. డిక్రీలో కేసు నంబరు, సంవత్సరం కనిపిస్తాయి గానీ దాఖలైన తేదీ చాలాసార్లు ఉండదు. మీ కేసు మొత్తం నిలబడేది ఆ తేదీ మీదే. సర్వీసు పుస్తకంలో కుటుంబ వివరాల్లో అమ్మాయి పేరుందో లేదో కూడా చూడండి. పెళ్లయిందని పేరు తీసేయించిన తండ్రులు ఎందరో. లేకపోయినా హక్కు పోదు గానీ కూతురని రుజువు చేసే పత్రాలు ఎక్కువ అడుగుతారు.

మంజీర
నా అభ్యంతరం రూలు మీదే. కోర్టు గడప తొక్కలేని ఆడవాళ్ల సంగతేంటి? పెద్దమనుషుల్లో కాగితం రాసుకుని విడిపోయిన వాళ్లు మన ఊళ్లల్లో ఎంతమంది! హిందూ వివాహ చట్టం 29(2) ఆచారం ప్రకారం విడాకుల్ని కాపాడింది. పింఛనుకి మాత్రం కోర్టు తేదీ కావాలా?

విశాఖ వాస్తవ్యుడు
తేదీ కోర్టుది కాకపోతే తల్లి పోయిన వారంలో పాత తేదీతో స్టాంపు కాగితం పుట్టదా అమ్మా? ఆ ఉత్తర్వు ఉన్నదే అందుకు.

మంజీర
దొంగ కాగితం భయంతో నిజమైనవాళ్లని కూడా తోసేయడం సబబు కాదు. ఆ కులంలో ఆ ఆచారం ఉందని రుజువు చేసే బరువు ఎటూ ఆమె మీదే కదా.

సెటిల్‌మెంట్ సెక్షన్
ఆఫీసు స్థాయిలో ఆచార విడాకులు దాటవు, అది చెప్పగలను. సివిల్ కోర్టులో డిక్లరేషన్ తెచ్చుకోవాలి. ఆ దావా తల్లి పోయాక వేసి, విడాకులు మాత్రం ముందే జరిగాయని కోర్టు తేలిస్తే ఏ తేదీ చూడాలన్నది వాదించుకోవాల్సిందే, కేంద్ర ఉద్యోగుల కేసులు చూసే హైదరాబాదు క్యాట్‌లో గానీ ఆ పైన గానీ.

నల్లమల నీడ
భర్త నుంచి వచ్చే భరణం ఆదాయం కింద లెక్కిస్తారా? గోదారిగట్టు గారూ, డిక్రీలో భరణం ఉందా?

గోదారిగట్టు
ఉందండీ, నెలకి 5 వేలు. ట్యూషన్లతో కలిపితే 13 వేలు, గీతకి లోపే. దరఖాస్తులో రెండూ చూపిస్తాం.