వదులైన సాకెట్ రేకులు నొక్కించుకోవచ్చా, బోర్డు పారేయాలా?

సుజాత, ఖమ్మం
మా ఇంట్లో నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. మొదటి సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె ప్లగ్ వదులుగా ఉంటోంది, కాసేపటికే ఆ చోట బోర్డు వేడెక్కుతోంది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ లోపలి రేకులు నొక్కి బిగువు చేసి ఇస్తానంటున్నారు. మా వారు బోర్డే తీసేయమంటున్నారు. ఏది సరైన పని?

వెంకటేశ్వర్లు
అమ్మా, మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది సబబే. సాకెట్ లోపల ఉండేవి రెండు ఇత్తడి రేకులు, వాటి మధ్యకు పిన్ను దూరుతుంది. వాడగా వాడగా ఆ రేకులు విచ్చుకుంటాయి. నోస్ ప్లయర్‌తో దగ్గరకు నొక్కితే మళ్లీ బిగుస్తాయి. పాతకాలం బేకలైట్ సాకెట్లను మేము ఇలాగే ఎన్నోసార్లు బాగుచేశాం. నల్లగా ఉంటే గరుకు కాగితంతో రుద్దండి. ఒక్క సాకెట్ వదులైందని బోర్డంతా పారేయడం డబ్బు దండగ. మెయిన్‌లో ఎం.సి.బి. ఉందిగా, తేడా వస్తే అదే పడిపోతుంది.

నవీన్
మా ఇంట్లోనూ బోర్డు ముట్టుకుంటే జిల్లుమంటుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఇలాగే అవుతుంది. ముందు ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయించండి.

పద్మజ
నవీన్ గారూ, మీది వేరే సమస్య. జిల్లుమంటోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోంది, దాన్ని విడిగా చూపించుకోండి, వాయిదా వేయకండి. సుజాత గారు అడిగింది వేడి గురించి. ఎర్తింగ్ ఎంత బాగున్నా ఆ వేడి తగ్గదు.

వెంకటేశ్వర్లు గారూ, ఎం.సి.బి. పడుతుందన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే అది పడదు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల మీద సుమారు 4.3 ఆంప్స్ లాగుతుంది. రేకు వదులైనా అది లాగేది అంతే, ఇంకా వెంట్రుకవాసి తక్కువే. ఎం.సి.బి. చూసేది మొత్తం ఎంత కరెంటు పోతోందన్నదే. దాని లెక్కలో అంతా సవ్యంగా ఉన్నట్టే. లీకేజీని పట్టే ఆర్.సి.సి.బి.కి కూడా ఇది కనబడదు, ఎందుకంటే వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తూనే ఉంది.

వేడి పుట్టేది పిన్నూ రేకూ ఆనుకునే ఆ చిన్న చోట. కరెంటును దానితోనే హెచ్చవేసి, ఆ చోటి నిరోధంతో మళ్లీ హెచ్చవేస్తే ఎన్ని వాట్లు వేడిగా మారుతున్నాయో వస్తుంది. పట్టు బాగున్న సాకెట్‌లో ఆ నిరోధం ఓంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది, కాబట్టి వేడి లెక్కలోకి రాదు. రేకు అరిగి, మసి పట్టి అది 0.3 ఓం అయిందనుకోండి. 4.3ను 4.3తో హెచ్చవేసి 0.3తో గుణిస్తే ఐదున్నర వాట్లు. గాలి ఆడని ప్లాస్టిక్ లోపల, ఒక్క రంధ్రం చుట్టూ, ఇస్త్రీ పెట్టె ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ ఐదున్నర వాట్లు చేరుతూనే ఉంటాయి. అదే సాకెట్‌కు ఫోన్ చార్జర్ పెడితే కరెంటు ఆంపులో పదో వంతు, వేడి దాదాపు సున్నా. ఇన్నాళ్లూ చార్జర్‌తో బాగానే నడిచింది కదా అనుకోవడానికి కారణం ఇదే.

సుజాత గారూ, తేల్చే ముందు వేడి సాకెట్‌దా, ప్లగ్‌దా అన్నది చూడండి. పావుగంట ఇస్త్రీ చేశాక స్విచ్ ఆపి, బోర్డు ప్లగ్‌ను కూడా గోడలోంచి తీసేయండి. తరువాత ఇస్త్రీ పెట్టె ప్లగ్ లాగి, కరెంటు మోసే రెండు పిన్నులనూ వేలి వెనుక వైపుతో తాకీ తాకనట్టు చూడండి. ఒకటి గోరువెచ్చగా ఉండి రెండోది వేలు నిలవనంత వేడిగా ఉంటే లోపం ఆ ఒక్క చోటే ఉంది. చల్లారాక అదే ప్లగ్‌ను గోడ సాకెట్‌కు పెట్టి మళ్లీ అంతసేపు వాడండి. అక్కడా అదే పిన్ను కాలితే ప్లగ్‌ లోపల వైరు బిగించే స్క్రూ వదులై ఉంటుంది, బోర్డు తప్పు లేదు. గోడలో చల్లగా ఉండి బోర్డులోనే కాలితే సాకెట్ రేకు పోయినట్టు.

హరిత, లెస్టర్
ఎం.సి.బి. సంగతికి మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఇక్కడ ఇంగ్లండులో ప్రతి ప్లగ్‌లోనూ ఫ్యూజు ఉంటుంది, పెద్ద వస్తువులకు 13 ఆంప్స్‌ది. దాంతో ఏదైనా అయితే ఫ్యూజు కాలుతుందన్న ధీమాతో ఉండేవాళ్లం. గది హీటరును పాత ఎక్స్‌టెన్షన్‌కు పెట్టి చలికాలమంతా వాడాం. ఒకరోజు గదిలో ఎండుచేపల వాసన. వంటగదిలో వెతికాం, చెత్తబుట్ట ఖాళీ చేశాం. చివరికి చూస్తే ప్లగ్ ఒక పక్క గోధుమరంగులోకి తిరిగి, సాకెట్‌కు అంటుకుపోయి ఉంది. ఫ్యూజు మాత్రం చెక్కు చెదరలేదు, హీటరు నడుస్తూనే ఉంది.

పద్మజ
హరిత గారూ, ఆ వాసన చాలామందిని వంటగదివైపు పంపుతుంది. స్విచ్చులు, సాకెట్లు చేసే కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్ మాడితే చేపల వాసనే వస్తుంది. కారణం తెలియని చేపల వాసన ఇంట్లో వస్తే ముందు బోర్డులు చూడాలి.

వెంకటేశ్వర్లు
ఎం.సి.బి. గురించి పద్మజ గారు చెప్పినది ఒప్పుకుంటాను. కానీ రేకు నొక్కితే పట్టు వస్తుంది, పట్టు వస్తే నిరోధం తగ్గుతుంది, మీ లెక్క ప్రకారమే వేడీ తగ్గుతుంది. మరి నొక్కడంలో తప్పేమిటి?

పద్మజ
తప్పని అనను. రేకు ఎందుకు విచ్చుకుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

మన 6 ఆంప్స్ మూడు పిన్నుల ప్లగ్‌లో కరెంటు పిన్నులు సుమారు 5 మిల్లీమీటర్లు, 16 ఆంప్స్ ప్లగ్‌లో 7. అన్ని దేశాల ప్లగ్‌లూ దూరే బోర్డులో ఎవరో పెద్ద పిన్నును బలవంతంగా దూర్చి ఉంటే రేకు వెడల్పవుతుంది. ఆ తరువాత చిన్న పిన్ను పెడితే ఊగుతుంది. అలాంటి రేకు ఇంకా పసుపుగా మెరుస్తూ, ఎక్కడా మసి లేకుండా ఉంటే నొక్కడం పనిచేస్తుంది. మీరు బాగుచేసిన పాత సాకెట్లలో రేకు మందం కూడా ఎక్కువ.

ఒకసారి బాగా వేడెక్కిన రేకు సంగతి వేరు. పిన్నును పట్టి ఉంచేది ఇత్తడి గట్టిదనం కాదు, వంచితే వెనక్కి లేచే స్ప్రింగు గుణం. వేడి తగిలిన కొద్దీ ఆ గుణం పోతుంది. నొక్కిన రోజు బిగువుగానే ఉంటుంది, నాలుగుసార్లు ప్లగ్ పెట్టి తీశాక ఎక్కడికి నెడితే అక్కడే ఉండిపోతుంది. పట్టు తగ్గితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే పట్టు ఇంకా తగ్గుతుంది, దానికి తోడు పైన మసి పొర కడుతుంది. అందుకే ఇది నెలల తరబడి మెల్లగా సాగి, చివరికి ఒక్కసారిగా ముదిరినట్టు కనబడుతుంది.

గరుకు కాగితంతో రుద్దమన్నారు, అది మాత్రం వద్దు. చాలా పిన్నులకు, కొన్ని రేకులకు పైన నికెల్ పూత ఉంటుంది. రుద్దితే పూత పోయి, కింది ఇత్తడి ఇంకా త్వరగా నల్లబడుతుంది.

కిశోర్
మా బోర్డులో ఫోన్ చార్జర్ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అయితే అదీ పారేయాలా?

పద్మజ
చార్జర్‌తో తేల్చకండి. రెండు పిన్నుల చార్జర్లలో చాలావాటి పిన్ను 4 మిల్లీమీటర్లే, 5 మిల్లీమీటర్ల కోసం చేసిన సాకెట్‌లో కొంత ఊగుతుంది. మంచి మూడు పిన్నుల ప్లగ్‌ పెట్టి చూడండి. బోర్డును కరెంటు నుంచి తీసి తలకిందులుగా పట్టుకుంటే ఆ ప్లగ్ తన బరువుకే జారకూడదు. లాగితే చేతికి బిగువు తెలియాలి. జారితే ఆ సాకెట్‌కు ఇస్త్రీ పెట్టె, కెటిల్, నీళ్లు కాచే రాడ్ పెట్టకండి.

సుజాత, ఖమ్మం
మీరు చెప్పినట్టే చూశాను పద్మజ గారూ. గోడ సాకెట్‌లో రెండు పిన్నులూ గోరువెచ్చగానే ఉన్నాయి. బోర్డు మొదటి సాకెట్‌లో మాత్రం కుడి పిన్నును తాకలేకపోయాను. దాని మొదట్లో నల్లటి మచ్చ కూడా ఉంది. రంధ్రం అంచు కొద్దిగా పసుపుపచ్చగా మారింది. ప్లగ్ కదిపితే లోపల చిటపటమంటోంది. మా బోర్డు అంతా ఒకటిగా అతికించినట్టుంది, కింద స్క్రూలు లేవు.

పద్మజ
అయితే నా మాట మీ వారి మాటే, ఆ బోర్డు తీసేయండి. రంగు మారిన ప్లాస్టిక్, చిటపట శబ్దం, పిన్ను మీద మచ్చ, ఈ మూడూ కలిశాక నొక్కి లాభం లేదు. పైగా అతికించిన బోర్డులో నాలుగు సాకెట్లకూ ఒకే పొడవాటి ఇత్తడి పట్టీ ఉండటం మామూలు. మొదటి చోట పుట్టిన వేడి పట్టీ వెంట పక్క సాకెట్‌కూ పాకుతుంది, కాబట్టి రెండోది బాగుందన్న నమ్మకం నాకు లేదు.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. ఇస్త్రీ పెట్టె ప్లగ్‌ను కూడా మార్చండి. మచ్చ పడిన పిన్నును కొత్త బోర్డుకు పెడితే కొత్త రేకు కూడా అక్కడే వేడెక్కి పాడవుతుంది. ప్లగ్ మార్చేటప్పుడు నల్లబడ్డ తీగ కొస కత్తిరించి, మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి వచ్చి బిగించాలి.

వెంకటేశ్వర్లు
సుజాత గారి బోర్డు విషయంలో నేనూ పట్టుపట్టను, తెరవడానికే వీల్లేదు కదా. కానీ మన ఊళ్లలో ఎలక్ట్రీషియన్లు పెట్టెకు స్విచ్చులు, సాకెట్లు విడివిడిగా స్క్రూలతో బిగించి చేసిచ్చే బోర్డులున్నాయి. వాటిలో కాలిన సాకెట్ ఒక్కటి తీసి, ఐ.ఎస్.ఐ. గుర్తున్న కొత్తది వేస్తే సరిపోతుంది. దానికీ బోర్డంతా పారేయమంటారా?

పద్మజ
అనను. అక్కడ సాకెట్ మార్చడమే సరైన పని. వైరు తొడుగు గట్టిపడి పెళుసుగా విరుగుతుంటే అంతవరకూ కత్తిరించాలి, పక్క స్విచ్ కూడా రంగు మారి ఉంటే దాన్నీ మార్చాలి. పెట్టె లోపలి గోడ బొగ్గులా మాడి ఉంటే మాత్రం పెట్టెనే వదిలేయాలి, మాడిన చోట కరెంటుకు దారి ఏర్పడవచ్చు.

కిశోర్
మరి సుజాత గారి బోర్డులో మిగతా సాకెట్లను ఫోన్లకు, వైఫై పెట్టెకు వాడుకోవచ్చుగా? కరెంటు తక్కువ, వేడి రాదని మీరే అన్నారు.

పద్మజ
లెక్క ప్రకారం మీరన్నది నిజం. అయినా నేను ఒప్పుకోను. ఇంట్లో ఆ నియమం ఒక్కరికే గుర్తుంటుంది. చుట్టం వచ్చి కెటిల్ పెడతారు. 1500 వాట్లంటే ఆరున్నర ఆంప్స్, అదే 0.3 ఓం దగ్గర పన్నెండు వాట్లు దాటుతుంది.

వెంకటేశ్వర్లు
ఇక్కడ నేను కిశోర్ వైపే. ఆ మొదటి సాకెట్ రంధ్రాలను టేపుతో మూసి, పైన ‘చార్జర్లకు మాత్రమే’ అని రాసి పెడితే చాలు. మా ఇంట్లో అలాంటి బోర్డు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది.

సుజాత, ఖమ్మం
మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, టేపు రెండు రోజులు కూడా ఉండదు వెంకటేశ్వర్లు గారూ. ఈ బోర్డు తీసేస్తున్నాను. ఇస్త్రీ పెట్టెకు కొత్త ప్లగ్ వేయించి, నేరుగా గోడ సాకెట్‌లోనే పెడతాను. పాత బోర్డును చెత్తలో వేస్తే ఎవరైనా ఏరుకుని మళ్లీ వాడతారేమో?

పద్మజ
వాడతారు. గోడ నుంచి తీశాక వైరును బోర్డు మొదట్లో కత్తిరించేయండి, బోర్డుకు తోక మిగలకూడదు. వైరు రెండో చివర ఉన్న ప్లగ్‌ను కూడా కత్తిరించి వేరుచేయండి, ప్లగ్‌తో ఉన్న వైరు ముక్క ఇంట్లో ఉండటం ఇంకా ప్రమాదం.