చందా వ్యాపారంలో ఒక్కో కస్టమర్ మీద యాడ్స్‌కి ఎంత పెట్టొచ్చు? నా లెక్క చూసి చెప్పండి

కిట్లబడి:
పిల్లలకి నెలకో సైన్స్ కిట్ పంపే చందా నడుపుతున్నాను. కరెన్సీ ఏదైనా లెక్క ఒకటే కాబట్టి అంకెలే రాస్తున్నా. పన్ను పోగా నెలకు 500 వస్తుంది. కిట్ సామాను 190, ప్యాకింగ్, డెలివరీ కలిపి 70, పేమెంట్ గేట్‌వే 12, కస్టమర్ సపోర్ట్ 28. మొత్తం ఖర్చు 300 పోతే ఒక్కొక్కరి మీద నెలకు 200 మిగులుతుంది.

యాడ్ డబ్బు 6 నెలల్లో వెనక్కి రావాలని అనుకున్నాం. 200ని 6తో గుణిస్తే 1200. యాడ్స్ డాష్‌బోర్డులో ఒక్కో కస్టమర్‌కి 700 మాత్రమే చూపిస్తోంది. అంటే ఇంకా 500 వెసులుబాటు ఉన్నట్టే కదా? బడ్జెట్ రెట్టింపు చేద్దామనుకుంటున్నా. కానీ బ్యాంకు ఖాతాలో డబ్బు మాత్రం నెలనెలా తగ్గిపోతోంది. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పుతున్నాను?

మూడింతలు:
6 నెలలు అని గీత గీసుకోవడం అనవసరమండీ. కస్టమర్ జీవితకాలంలో మనకి మిగిలేదానిలో మూడో వంతు యాడ్స్‌కి పెట్టొచ్చు, అందరూ వాడే లెక్క ఇదే. మీ దగ్గర నెలకు ఎంత శాతం మానేస్తున్నారు?

కిట్లబడి:
నెల మొదట్లో ఉన్న మొత్తం చందాదారుల్లో 8 శాతం దాకా.

మూడింతలు:
అయితే 200ని 0.08తో భాగిస్తే 2500. అందులో మూడో వంతు 833. మీది 700 కాబట్టి బాగానే ఉన్నారు.

పాతలెక్కలు:
ఆగండి, బడ్జెట్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఆ 8 శాతం మీద నాకు అనుమానం. అందులో రెండేళ్ళ నుంచీ ఉన్న పాతవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఎలాగూ కదలరు. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రెండు మూడు నెలల్లో ఎంతమంది జారిపోతున్నారో ఈ సగటులో కనిపించదు. యాడ్ డబ్బు పెట్టేది కొత్తవాళ్ళ మీద కదా.

కిట్లబడి గారూ, ఏదో ఒక నెలలో చేరిన బ్యాచ్‌ని తీసుకోండి. వాళ్ళని 100 మంది అనుకుంటే రెండో నెల ఎంతమంది డబ్బు కట్టారు, మూడో నెల ఎంతమంది, అలా 12 నెలల వరకు పెట్టండి. 'యాక్టివ్' అని చూపించే సంఖ్య వద్దు, డబ్బు నిజంగా జమ అయినవాళ్ళనే లెక్కపెట్టండి. ఇంకో మాట, మొదటి నెలకు ఆఫర్ ఏమైనా ఇస్తున్నారా?

కిట్లబడి:
ఇస్తున్నాం. మొదటి కిట్ సగం ధరకి, 250. దాంతోపాటు 40 ఖరీదు చేసే ఒక చిన్న భూతద్దం ఉచితం. అది మార్కెటింగ్ ఖర్చని ఎప్పుడూ అనుకోలేదు.

బ్యాచ్ లెక్క తీశాను. 100 మందిలో రెండో నెల కట్టింది 70 మంది. తర్వాత 60, 54, 50, ఆరో నెలకి 47. ఏడు నుంచి పన్నెండు వరకు 45, 43, 41, 39, 37, 36. నిజం చెప్పాలంటే ఆ 70 చూసి కాసేపు మాట రాలేదు.

పాతలెక్కలు:
చాలామందికి అక్కడే మాట పడిపోతుంది లెండి. ఇప్పుడు మొదటి నెల చూడండి. వచ్చింది 250, ఖర్చు 300, పైన భూతద్దం 40. అంటే ఒక్కొక్కరి మీద 90 నష్టంతో మొదలుపెడుతున్నారు. గేట్‌వే రుసుము కాస్త తగ్గుతుంది, దాన్ని వదిలేద్దాం. రెండో నెల నుంచి 200 వస్తుంది, కానీ మిగిలినవాళ్ళ మీదే వస్తుంది. అందుకని 6 నెలల లెక్క ఇలా ఉంటుంది:

```
-90 + 200 × (0.70 + 0.60 + 0.54 + 0.50 + 0.47) = 472
```

మీరు 1200 అనుకున్నది అసలు 472. చేరినవాళ్ళలో ఒక్కరు కూడా మానేయకుండా, మొదటి నెల నుంచే పూర్తి ధర కడితేనే 1200 వస్తుంది. 700 ఖర్చుపెడితే అది ఎప్పుడు తీరుతుందో కూడా చూద్దాం. ఏడో నెలకి కూడింది 562, ఎనిమిదికి 648, తొమ్మిదికి 730. అంటే తొమ్మిదో నెల దాకా ఆగాలి. ఖాతా ఎందుకు ఖాళీ అవుతోందో ఇక్కడే సగం తెలిసిపోతుంది.

మూడింతలు గారి లెక్క పూర్తిగా తప్పని అనను. ఈ కస్టమర్ అసలు లాభమేనా అనే ప్రశ్నకి అది పనికొస్తుంది. ఆ లాభం చేతికొచ్చేలోపు మీ దగ్గర డబ్బు నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి పేబ్యాక్, అంటే యాడ్ డబ్బు ఎన్ని నెలల్లో వెనక్కి వస్తుందనే లెక్క కావాల్సిందే.

మూడింతలు:
సగటు సంగతి ఒప్పుకుంటాను. కానీ 12 నెలల తర్వాత కూడా ఆ 36 మందిలో చాలామంది ఉంటారు కదా. 472 దగ్గరే ఆగిపోతే ఎదుగుదల ఎలా? పోటీవాళ్ళు అంతకంటే ఎక్కువ పెట్టి కస్టమర్లని పట్టుకుపోతారు.

పాతలెక్కలు:
ఉంటారు. చేతిలో డబ్బుంటే 9 నెలలు పెట్టుకోవచ్చు, అప్పుడు పరిమితి 730. అది వ్యాపారిష్టం. కాకపోతే 6 అన్నాక 9 నెలల డబ్బు ఖర్చుపెట్టకూడదు.

ఏడాదిచందా:
నాకు ఈ తలనొప్పే లేదు. నేను సంవత్సరం చందా ముందే కట్టించుకుంటాను, మొదటి రోజే పేబ్యాక్ అయిపోతుంది. వచ్చిన డబ్బు మళ్ళీ యాడ్స్‌లోనే పెడతాను. మీరూ అలా చేయండి.

గోదాం:
నేనూ అలాగే అనుకుని దెబ్బ తిన్నాను. ముందే వచ్చిన డబ్బంతా యాడ్స్‌కి పెట్టేశాను. ఎనిమిదో నెల పెట్టె పంపాల్సి వచ్చేసరికి సామాను కొనడానికి డబ్బు లేదు. కొత్త కస్టమర్ల డబ్బుతో పాతవాళ్ళకి పెట్టెలు పంపాను. కొత్తవాళ్ళు తగ్గిన నెలలో అప్పు చేశాను.

పాతలెక్కలు:
గోదాం గారు చెప్పిందే అసలు సంగతి. కిట్లబడి గారు ఏడాదికి 5000 తీసుకున్నారనుకోండి. అందులో 12 కిట్ల ఖర్చు 3600 ఎప్పటికీ మీది కాదు, భూతద్దానికి ఇంకో 40. మీది 1360, అందులోంచి మధ్యలో రీఫండ్ అడిగేవాళ్ళకి కొంత పోతుంది. యాడ్ పరిమితిని ఆ మిగిలినదాంట్లోంచి తీయాలి, ఖాతాలో కనిపించే 5000లోంచి కాదు.

ఏడాదిచందా:
నాది సాఫ్ట్‌వేర్ అండి, పెట్టెలు పంపేది లేదు. అందుకే నాకు తేడా తెలియలేదేమో. సర్వర్, సపోర్ట్ తప్ప పెద్ద ఖర్చేమీ లేదు.

గోదాం:
కిట్లబడి గారికి ఇంకో ప్రశ్న. ఆ 700 డాష్‌బోర్డు చెప్పిందా, మీ పుస్తకం చెప్పిందా?

కిట్లబడి:
డాష్‌బోర్డే. పోయిన నెల యాడ్స్‌కి 2,10,000 పెట్టాం, 300 మంది వచ్చారని చూపించింది. కానీ మా బిల్లింగ్‌లో కొత్తగా డబ్బు కట్టినవాళ్ళు మొత్తం 340. వాళ్ళలో 80 మంది స్నేహితులు ఇచ్చిన రిఫరల్ కోడ్‌తో చేరారు. యాడ్స్ చూసే ఏజెన్సీకి, వీడియోలకి కలిపి ఇంకో 26,000 అవుతుంది.

గోదాం:
అయితే యాడ్స్ వల్ల వచ్చినవాళ్ళు మహా అయితే 260. వాళ్ళలో కూడా యాడ్ లేకపోయినా వచ్చేవాళ్ళు కొందరు ఉంటారు, వాళ్ళని పక్కన పెడదాం. 2,36,000ని 260తో భాగిస్తే దాదాపు 908. ఇది 12వ నెలలో గానీ తీరదు.

పాతలెక్కలు:
డాష్‌బోర్డులో టార్గెట్ ఎంత పెట్టాలి అంటే, 472 పెట్టేయకండి. ముందు ఏజెన్సీ వాటా తీయాలి. 26,000ని 260 మందికి పంచితే తలా 100. మిగిలింది 372. డాష్‌బోర్డు 300 అన్నచోట నిజంగా వచ్చింది 260 కాబట్టి, 372ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 322 దగ్గర ఆగుతుంది. కస్టమర్లు తగ్గితే ఏజెన్సీ వాటా తలకి పెరుగుతుంది, అందుకని నెలనెలా మళ్ళీ వేసుకోండి.

బడ్జెట్ రెట్టింపు సంగతికి వస్తే, అంతకు ముందు నెల ఎంత పెట్టారు?

కిట్లబడి:
1,50,000. అప్పుడు రిఫరల్‌వాళ్ళు పోగా మా బిల్లింగ్ ప్రకారం యాడ్స్ నుంచి వచ్చింది 210 మంది.

పాతలెక్కలు:
అంటే అదనంగా పెట్టిన 60,000కి వచ్చింది 50 మందే, తలా 1200. ఏజెన్సీ ఖర్చు కలపకుండా సగటు చూస్తే 714 నుంచి 808కి, కొంచెమే పెరిగినట్టుంటుంది. చివర పెట్టిన డబ్బు మాత్రం ఏడాది తిరిగినా రాదు, మీ బ్యాచ్ 12 నెలలకి ఇచ్చేది 954. ఒక్క నెల తేడా చూసి గట్టిగా చెప్పలేం. సెలవులో, పండగ సీజనో కూడా కారణం కావచ్చు. అయినా పెంచే ముందు చూడాల్సిన అంకె ఇదే.

మూడింతలు:
సపోర్ట్ 28ని ఎందుకు లెక్కలోకి తీసుకుంటున్నారు? అది జీతం, కస్టమర్లు పెరిగినా పెరగకపోయినా ఇవ్వాల్సిందే. తీసేస్తే నెలకి 228 అవుతుంది, పరిమితి కూడా పెరుగుతుంది.

పాతలెక్కలు:
ఇంకో 300 మంది చేరితే మరో మనిషిని పెట్టాలా వద్దా, దాన్ని బట్టి ఉంటుంది. పెట్టాలంటే ఉంచండి. నేనైతే ఉంచుతాను, కొత్తవాళ్ళ ఫోన్లే ఎక్కువ వస్తాయి.

మూడింతలు:
నేను తీసేస్తాను. ఇక్కడ మన ఇద్దరికీ కుదరదు.

గోదాం:
నాదో చిన్న సూచన. రెండో నెలలో పోయిన 30 మందిలో కార్డు ఫెయిల్ అయినవాళ్ళు ఎంతమంది?

కిట్లబడి:
ఇప్పుడే చూశాను. 11 మంది. మేం ఒక్కసారి ప్రయత్నించి వదిలేస్తున్నాం.

గోదాం:
కొన్ని రోజుల తేడాతో మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, కార్డు మార్చమని మెసేజ్ పంపండి. అందులో 5 మంది నిలబడి, మిగతావాళ్ళలాగే కొనసాగితే 472 కాస్తా 512 అవుతుంది. యాడ్స్‌లో 40 తగ్గించడం కన్నా ఇది తేలిక.

ఏడాదిచందా:
సగం ధర ఆఫర్ తీసేస్తే 250 మిగులుతుందిగా, పరిమితి ఏకంగా 722 అవుతుంది?

పాతలెక్కలు:
కాగితం మీద అవుతుంది. ఆఫర్ లేకపోతే యాడ్ చూసి చేరేవాళ్ళు తగ్గి, ఒక్కొక్కరి ఖర్చు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆఫర్‌ని 90 నష్టంలో ఇప్పటికే లెక్కేశాం, మళ్ళీ యాడ్ ఖర్చులో కలపకండి.

కిట్లబడి:
బడ్జెట్ తిరిగి 1,50,000కి తెచ్చాను. ఈ నెల చేరేవాళ్ళలో సగం మందికి ఆఫర్ 25 శాతానికి తగ్గించి చూస్తాను. రెండో నెల పేమెంట్లు వచ్చాక అంకెలు ఇక్కడే పెడతాను.