తిండి మారామా, ఆర్ఫిడ్డా? కేస్ షీట్‌లో ఎలా రాస్తున్నారు?

పిల్లల ఓపీ చూసేవాళ్లు కొంచెం చెప్పండి. బాబుకి 2 ఏళ్ల 8 నెలలు, పెరుగన్నం, ఒకే రకం బిస్కెట్ తప్ప ఏదీ ముట్టడు, అన్నంలో ఆవగింజ కనపడినా ఉమ్మేస్తాడు, కొత్తది ప్లేట్‌లో పెడితే చూసే ఓకరిస్తాడు. ఈ వయసులో కొత్త తిండి వద్దనడం మామూలే కానీ అలాంటి పిల్లలు గ్రోత్ చార్ట్‌లో తమ గీత వెంటే పెరుగుతారు కదా, వీడు రెండేళ్లప్పుడు 12 కిలోలు, ఇప్పుడు 11.4, హిమోగ్లోబిన్ కూడా 8.6 ఉంది, అందుకే మారాం అని వదిలెయ్యబుద్ధి కావట్లేదు. ఇంట్లో తిండికి కొరత లేదు. మలబద్ధకం, మింగడంలో ఇబ్బంది ఉన్నాయేమో ఇంకా చూడాలి. అవి తేలేదాకా 6B83 కోడ్ వెయ్యకుండా "ఆర్ఫిడ్ అనుమానం" అని రాసి, తినేవాటి పూర్తి లిస్టు, తేదీలతో బరువులు పెడితే చాలా? ఫోన్ చూపించి తినిపించినవి విడిగా రాస్తారా?