డ్రైవర్ని మార్చినా లారీ లేటే: చేపముల్లు బొమ్మ, ఐదు ‘ఎందుకు’లు పనికొస్తాయా?

బ్రాంచి కుర్రాడు:
మాది పార్సిల్ ట్రాన్స్‌పోర్టు. హయత్‌నగర్ అవతల ఉన్న మా హబ్ నుంచి రాత్రిపూట బయల్దేరే విజయవాడ లారీ, పోయిన నెల 24 ట్రిప్పుల్లో 9 సార్లు లేటు. అందరం కూచుని, తోచిన కారణాలన్నీ చేప వెన్నుకి ముళ్ళలా రాసే చేపముల్లు బొమ్మ గీశాం, వచ్చిన ప్రతి జవాబుకీ మళ్ళీ ‘ఎందుకు’ అంటూ ఐదుసార్లు అడిగాం, ‘డ్రైవర్ సూర్యాపేటలో ఆపేస్తున్నాడు’ అని తేల్చాం. డ్రైవర్ని మార్చాం. ఈ నెలా అదే గోల. ఈ పద్ధతులు నిజంగా పనిచేస్తాయా, లేక గోడకి అంటించుకునే బొమ్మలేనా?

క్వాలిటీ మనిషి:
పనిచేస్తాయి, మీరు సరిగ్గా చెయ్యలేదు అంతే. రెండూ టయోటా వాళ్ళవి, వాళ్ళకి పనికొచ్చి మనకి రాకపోవడమేంటి? బొమ్మలో ఆరు ముళ్ళూ ఉండాలి: మనిషి, యంత్రం, సరుకు, పద్ధతి, కొలత, వాతావరణం. ఒక్కటి తగ్గినా కారణం తప్పించుకుంటుంది. ‘ఎందుకు’ కచ్చితంగా ఐదుసార్లు అడగాలి. మీరు మూడోసారికే ఆపేసి ఉంటారు. ఇంకోటి, మనిషి మీదికి తోసేస్తే అది మూలకారణం కానే కాదు, అలా తేలిందంటే విచారణ సగంలో ఆగిపోయినట్టే.

విజయవాడ లారీ:
అన్నా, లేటు సంగతి మమ్మల్నడగండి. మాది సొంత బండి, ఆటోనగర్. మొన్న ఒక గోడౌన్ దగ్గర సరుకు దించుకోవడానికి 14 గంటలు నిలబెట్టారు. నిలబెట్టినందుకు రూపాయి ఇవ్వలేదు, పైగా తర్వాతి లోడు పోయింది. అక్కడ లేటు ఎవరి వల్ల? డ్రైవర్ వల్లే అని రాశారు. ముల్లో తోకో నాకు తెలీదు గానీ, మీ బొమ్మ గీసేటప్పుడు ఆ గదిలో స్టీరింగు పట్టుకునేవాడు ఒక్కడైనా ఉన్నాడా?

బ్రాంచి కుర్రాడు:
లేడన్నా. పగటి మీటింగు కదా. సేల్స్, అకౌంట్స్, బ్రాంచి వాళ్ళు కలిపి 11 మందిమి. ముళ్ళ మీద అందరూ చెప్పింది రాసి, చేతులెత్తించి ఓట్లు వేయించాం. ‘డ్రైవర్’కి 8 పడ్డాయి.

పాత డిస్పాచరమ్మ:
ఓట్లా! కారణాన్ని ఎన్నుకుంటారా నాన్నా?

నేను 19 ఏళ్ళు రాత్రి డిస్పాచ్ చూశాను. ముందు ఒక చిన్న దిద్దుబాటు. చేపముల్లు బొమ్మ టయోటాది కాదు, జపాన్ క్వాలిటీ నిపుణుడు కవోరు ఇషికావా గారిది. ‘ఎందుకు’లు మాత్రం టయోటావే. అక్కడ తైచి ఓనో చెప్పిన ఉదాహరణే చూడండి. యంత్రం ఆగింది, ఎందుకంటే లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగిందంటే బేరింగుకి నూనె అందలేదు. పంపు నూనె తోడటం లేదు, ఎందుకంటే దాని షాఫ్టు అరిగింది. అరగడం ఎందుకంటే వడపోత జాలీ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఇందులో ప్రతి మెట్టూ యంత్రం విప్పి కళ్ళతో చూసి చెప్పగలిగిందే. షాఫ్టు అరిగిందా లేదా అని ఎవరూ చేతులెత్తలేదు. మీరు తప్పిపోయింది అక్కడే. ఐదా, నాలుగా, ఏడా అన్నది లెక్కలోకి రాదు.

చేపముల్లు బొమ్మ అనుమానితుల జాబితా మాత్రమే. ఎవరు దొంగో అది చెప్పదు.

ఇప్పుడు పని చెప్తా, చేసి రండి. ఆ 9 ట్రిప్పులకీ మీ గేటు రిజిస్టర్ తెరవండి. లారీ డాక్‌కి ఎప్పుడు ఆనింది, లోడింగు ఎప్పుడైంది, గేటు ఎప్పుడు దాటింది, విజయవాడ ఎప్పుడు చేరింది, ఈ నాలుగు టైములు రాయండి. టైముకి వెళ్ళిన 15 ట్రిప్పులకీ ఇవే రాయండి. చాలామంది లేటైన రోజులే చూస్తారు, బాగున్న రోజుల వంక కూడా చూడరు. మీ డ్రైవర్ మీద పడిన నింద అలా పుట్టిందే అని నా అనుమానం.

లెక్కల పురుగు:
డిస్పాచరమ్మ గారు చెప్పింది బాగుంది గానీ, నాకో సందేహం. రిజిస్టర్ చూస్తేనే తేలిపోతే ఇంక ముల్లు బొమ్మ ఎందుకు, ఐదు ప్రశ్నలెందుకు? నాలుగు గడుల పట్టిక చాలు. ఐదు ‘ఎందుకు’ల గొడవేంటంటే అది ఒకే గొలుసు. ఒక లేటుకి రెండు కారణాలు కలిస్తే ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తుంది. అడిగేవాడికి ముందే తెలిసిన జవాబు దగ్గరికే నడిపిస్తుంది. ఇద్దరు వేరువేరుగా అడిగితే రెండు వేర్లు తేలుతాయి.

బ్రాంచి కుర్రాడు:
రెండు రాత్రులు కూచుని తీశాను. అమ్మగారూ, మీ అనుమానం నిజమే. GPSలో సూర్యాపేట దగ్గర ఆగడం ఉంది, 35 నుంచి 45 నిమిషాలు. కానీ టైముకి చేరిన 15 రోజుల్లోనూ అంతే ఆగాడు! భోజనం, టీ. గేటు దాటినప్పటి నుంచి విజయవాడ చేరేదాకా దాదాపు ఎప్పుడూ ఆరున్నర గంటలే.

తేడా అంతా గేటు లోపలే. మా లెక్క ప్రకారం లారీ 10:30కి బయల్దేరాలి. అలా వెళ్తే 5 గంటలకి చేరుతుంది, దించి వీధులవారీగా విడదీసేసరికి 7, డెలివరీ చిన్న బళ్ళు 7:30కి బయల్దేరతాయి. లేటైన 9 రోజుల్లో 8 రోజులు గేటు దాటింది 12:20కీ 1:15కీ మధ్య. మిగిలిన ఒక్కరోజు హైవే మీద ఏదో ప్రమాదమై ట్రాఫిక్ ఆగింది.

పాత డిస్పాచరమ్మ:
చూశావా. రెండు గంటల లేటు కస్టమర్ దగ్గరికి వెళ్ళేసరికి పూట లేటు అవుతుంది. మీకున్న వెసులుబాటు అరగంటే. 12:30కి గేటు దాటితే సరుకు విడదీసేసరికి తొమ్మిది, చిన్న బళ్ళు అప్పటికే వెళ్ళిపోయి ఉంటాయి. రెండో ట్రిప్పు ఎన్నింటికి?

బ్రాంచి కుర్రాడు:
మధ్యాహ్నం 2కి. అందుకే షాపులవాళ్ళు తిట్టేది.

పాత డిస్పాచరమ్మ:
అయితే ఆ 8 రోజులూ గేటు దగ్గర లారీ దేనికోసం నిలబడిందో హమాలీ మేస్త్రిని అడుగు. మేనేజర్ని కాదు, మేస్త్రిని.

క్వాలిటీ మనిషి:
పోర్టల్ రాత్రిపూట తిరగదు మేడమ్, అదే కారణం. సరుకు రవాణాకి తియ్యాల్సిన ఈ-వే బిల్లు సైటు మొరాయిస్తుంది. ‘యంత్రం’ ముల్లు కింద రాయండి.

బ్రాంచి కుర్రాడు:
సగం కరెక్టు సార్. కాగితాలే, కానీ పోర్టల్ కాదు. మేస్త్రి చెప్పింది ఇదీ. 8లో ఒక రోజు లారీయే వర్క్‌షాపు నుంచి లేటుగా వచ్చింది. మిగతా 7 రోజులూ లోడింగు 10:15కే అయిపోయింది, తాడు కూడా కట్టేశారు. ఒక్కో రోజు ఒకటో రెండో బుకింగులకి ఈ-వే బిల్లు పార్ట్ ఎ, అంటే సరుకు వివరాల భాగం, లేదు. సరుకు విలువ 50,000 దాటింది, పైగా తెలంగాణ నుంచి ఆంధ్రకి వెళ్ళేది, బిల్లు లేకుండా పంపడానికి లేదు. మా దగ్గర పార్ట్ ఎ పార్టీయే మా ట్రాన్స్‌పోర్టర్ ఐడీతో నింపుతుంది, ఆ తర్వాతే మేం బండి నంబరు వేసి మొత్తానికి ఒక బిల్లు తీస్తాం. ఆ టైములో పార్టీ అకౌంటెంట్ ఫోనెత్తడు.

ఆ పెట్టెలు దించేసి లారీ పంపొచ్చు కదా అన్నాను. మేస్త్రి నవ్వాడు. “అవి క్యాబిన్ పక్కనున్నాయి బాబూ, ముందు ఎక్కినవి. దించాలంటే సగం లారీ దించాలి.”

విజయవాడ లారీ:
అదీ మాట. నేను చెప్పలా, డ్రైవర్ది కాదని.

లెక్కల పురుగు:
ఆగండి. టైముకి వెళ్ళిన 15 రోజుల్లో కాగితం లేని బుకింగులు ఎన్ని? ఆ లెక్క లేకుండా దీన్నీ కారణం అనకండి, మళ్ళీ సూర్యాపేట కథే అవుతుంది.

బ్రాంచి కుర్రాడు:
4 రోజులు ఉన్నాయి సార్. పార్ట్ ఎ లేదు, అయినా లారీ టైముకే వెళ్ళింది. ఇది చూసి నాకూ తల తిరిగింది. తర్వాత బుకింగు టైములు చూశాను. ఆ 4 రోజుల బుకింగులు సాయంత్రం 6 లోపు చేసినవి, పార్టీ ఆఫీసు తెరిచే ఉంది, ఫోన్ చేస్తే బిల్లు పంపారు. లేటైన 7 రోజుల బుకింగులన్నీ 7:30 తర్వాతవి.

పాత డిస్పాచరమ్మ:
బంగారం లాంటి లెక్క తీశావు. కాగితం లేకపోవడం ఒక్కటే లారీని ఆపలేదు. ఆలస్యంగా బుక్ చెయ్యడం ఒక్కటే కూడా ఆపి ఉండదు. రెండూ కలిస్తేనే ఆగింది. లెక్కల పురుగు గారు ఒకే గొలుసు గురించి అన్నది ఇక్కడ నిజం. గొలుసుని ఇక్కడ రెండు పాయలు చెయ్యాలి. కాగితం లేకుండా బుకింగు ఎలా అయింది? 7:30 తర్వాత బుకింగు ఎందుకు తీసుకుంటున్నారు?

బ్రాంచి కుర్రాడు:
మొదటిదానికి: సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి ఖాళీగా వదిలేసినా రసీదు వచ్చేస్తుంది. గుమాస్తా తప్పు కాదు, కౌంటర్ దగ్గర క్యూ ఉంటుంది. రెండోదానికి: బుకింగు ఆఖరు టైము ఇదివరకు 7. నాలుగు నెలల కింద సేల్స్ వాళ్ళు ఒక పెద్ద పార్టీ కోసం 8:30కి జరిపారు. లారీ టైము మాత్రం ఎవరూ జరపలేదు. దానికి ముందు నెల చూశాను, 25 ట్రిప్పుల్లో లేటు 2.

ఇంకో సంగతి సిగ్గుగా ఉంది. మా పాత బొమ్మ ఫోటో మళ్ళీ తీసి చూశాను. ‘పద్ధతి’ ముల్లు చివర్న చిన్న అక్షరాల్లో ‘కాగితాలు’ అని ఉంది. సున్నా ఓట్లు.

క్వాలిటీ మనిషి:
అదే కదా నేను చెప్పేది, బొమ్మలో దొరికింది! బొమ్మ తప్పు కాదు.

లెక్కల పురుగు:
బొమ్మలో ఇంకా ఇరవై దొరికి ఉంటాయి సార్, వాటిలో ఇదొకటి. దొరికించింది గేటు రిజిస్టర్. పైగా నాలుగు నెలల కిందటి నెలతో పోల్చడం నాకు పూర్తిగా నచ్చలేదు. ఆ నెలలో వాన లేదు, పండగ లోడు లేదు. ఆఖరు టైము మళ్ళీ 7కి తెచ్చి ఒక నెల చూస్తే గానీ నేను ఒప్పుకోను.

పాత డిస్పాచరమ్మ:
చూడాల్సిందే, కాదనను. కానీ రిజిస్టర్‌లో ఏ గడులు చూడాలో అనుమానితుల జాబితా లేకుండా తెలీదు. వర్క్‌షాపు, హమాలీలు, కాగితాలు, రోడ్డు, ఇవన్నీ రాసుకున్నాకే కదా నాలుగు టైములు విడివిడిగా అడిగాను. ఈ విషయంలో మనిద్దరికీ పడదులెండి.

కుర్రాడా, సేల్స్ వాళ్ళు 8:30 వదులుకోరు. అంతదాకా ఒక పని చెయ్యి. కాగితం రాని పెట్టెల్ని పక్కన పెట్టించి ఆఖర్న తలుపు దగ్గర ఎక్కించమను. 10:30కి బిల్లు రాకపోతే అవొక్కటే దిగుతాయి, లారీ పోతుంది. ఆ ఒక్క పార్టీ లేటవుతుంది, మిగతా అందరి సరుకూ కాదు.

బ్రాంచి కుర్రాడు:
మేస్త్రి ఒప్పుకున్నాడు, సోమవారం నుంచి మొదలు. కాకపోతే బరువైన పెట్టెలు ఆఖర్న వస్తే వెనకాల ఎక్కువ బరువు పడుతుందని గొణిగాడు. గడి ఖాళీగా ఉంటే రసీదు రాకుండా చెయ్యమని సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రాశాను. సేల్స్ మేనేజర్ అప్పుడే వద్దంటున్నాడు, బుకింగులు పడిపోతాయట.

విజయవాడ లారీ:
అవన్నీ సరే. టీ తాగిన పాపానికి తీసేసిన ఆ డ్రైవర్ని పిలిచారా?

బ్రాంచి కుర్రాడు:
నిన్న ఫోన్ చేశానన్నా. ఖమ్మం లైన్లో వేరే బండి ఎక్కేశాడట. నేను చెప్పిందంతా విని, “సరే సార్, ట్రిప్పులో ఉన్నా” అని పెట్టేశాడు.