మెనూ ఫోటో నుంచి పట్టిక చేస్తుంటే రేట్లు తారుమారు. ఎవరికైనా తెలుసా?

హన్మకొండ చౌరస్తా: పొద్దున పదింటి నుంచి దీనితోనే కుస్తీ. మా బాబాయి హోటల్ మెనూ కార్డు ఫోటో తీసి, ఫోటోలోని అక్షరాలు చదివే టెస్సెరాక్ట్‌లో వేశాను. వంటకం, ధర, వెజ్ కాదా అవునా, ఎవరికి ఏది పడదు అన్న గడులతో పట్టిక కావాలి. పేర్లు బాగానే వస్తున్నాయి, రేట్లే పిచ్చిగా ఉన్నాయి. చికెన్ 65 నలభై అయిదు రూపాయలట, బటర్ నాన్‌కు అసలు రేటే లేదు! సాయంత్రానికి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట జంక్షన్: psm ఎంత?

హన్మకొండ చౌరస్తా: అంటే? మామూలుగా `tesseract menu.jpg out` అని కొట్టాను.

కాజీపేట జంక్షన్: పేజీని ఏ పద్ధతిలో చదవాలో చెప్పే అంకె. 6 పెట్టు.

ములుగు రోడ్డు: నాకూ ఇదే అయింది తమ్ముడూ, మా అమ్మాయి పెళ్లి భోజనాల జాబితాకు. `-l tel` ఇవ్వకపోతే తెలుగు అక్షరాలన్నీ చెత్తగా వస్తాయి. ముందు తెలుగు డేటా దించుకో.

హన్మకొండ చౌరస్తా: కార్డు ఇంగ్లిష్‌లో ఉంది అక్కా.

ములుగు రోడ్డు: అది మొదలే చెప్పాలి కదా.

మట్టెవాడ మాస్టారు: వచ్చింది వచ్చినట్టు నాలుగు వరుసలు పెట్టు బాబూ.

హన్మకొండ చౌరస్తా: ఇదిగో సార్. ఫిష్ ఫ్రైకి కార్డులోనే రేటు లేదు, సైజును బట్టి చెప్తాం.

```
Natukodi Fry
Fish Fry
Chicken 65
Butter Naan
7320
7240
745
```

మట్టెవాడ మాస్టారు: అసలు సంగతి ఇప్పుడు చెప్పావు. నువ్వు కొట్టిన పద్ధతిలో అది పేర్ల వరుసను ఒకటిగా, రేట్ల వరుసను ఇంకొకటిగా చదివింది. పేర్లు నాలుగు, రేట్లు మూడు. పక్కపక్కన అతికిస్తే ఖాళీ ఉన్న చోటి నుంచి కింద ఉన్నవన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. ముందున్న ఆ 7 రూపాయి గుర్తు. దానికి గుర్తు తెలియక అంకె అనుకుంది. శ్రీను చెప్పినట్టు `--psm 6` పెడితే అడ్డంగా చదువుతుంది.

కాజీపేట జంక్షన్: నేను శ్రీను కాదు.

హన్మకొండ చౌరస్తా: పెట్టాను సార్. మళ్లీ ఫిష్ ఫ్రై పక్కన 240, చికెన్ 65 పక్కన 45. అదే గోల!

మట్టెవాడ మాస్టారు: ఇది వేరే జబ్బు. పైన హెడ్డింగ్ పక్కన ఏమైనా అంకె వచ్చిందా?

హన్మకొండ చౌరస్తా: అవును, `Specials 7320` అని ఉంది.

మట్టెవాడ మాస్టారు: అయితే ఫోటో వంకరగా ఉంది. 1500 పిక్సెళ్ల వెడల్పులో రెండు డిగ్రీలు వంగినా కుడి అంచు యాభై పిక్సెళ్లు పైకి పోతుంది. నీ కార్డులో వరుసకూ వరుసకూ దూరం కూడా సుమారు అంతే ఉంటుంది. అందుకే రేటు పై వరుసలో కలిసింది. కార్డును బల్ల మీద పరిచి, నిట్టనిలువుగా పైనుంచి తీసి, ఫోన్‌లోనే అంచులు సరిచేయి. రెండు పేజీలుంటే విడివిడిగా కత్తిరించు. ఆ తర్వాత:

```
tesseract menu.jpg out -l eng --psm 6
```

ముందున్న 7ను ఒకేసారి అన్నిట్లో చెరిపేయకు. ఎక్కడైనా గుర్తు ఊడిపోయి నిజంగానే 720 ఉంటే అది 20 అవుతుంది. కార్డు చేతిలో పెట్టుకుని ఒక్కొక్కటి చూడు.

పల్లీపట్టి: రేట్ల సంగతి సరే, పడని పదార్థాల గడి ఫోటోలోంచి ఎట్ల వస్తుంది? కార్డులో రాసి ఉండదు. మా బాబుకు పల్లీలు పడవు. వెజ్ బిర్యానీ చెప్పాం, పక్కన మిర్చీ కా సాలన్ ఇచ్చారు. అందులో పల్లీలు, నువ్వులు నూరి వేస్తారు. మన సర్వపిండిలోనూ పల్లీలే. ఇంగువలో కూడా మైదా కలిపి అమ్ముతారు. వంటమనిషిని కూర్చోబెట్టి ఒక్కో వంటకం అడుగు. అడగని గడిని ఖాళీగా వదలొద్దు, 'తెలియదు' అని రాయి. ఖాళీ చూస్తే 'లేదు' అనుకుంటారు.

హన్మకొండ చౌరస్తా: వెజ్‌కు కార్డులో పచ్చ చుక్కలున్నాయి. అవీ రాలేదు.

మట్టెవాడ మాస్టారు: అది అక్షరాలే చదువుతుంది, రంగు పట్టించుకోదు. చుక్క కనిపించినా ఏ `@` గానో, `o` గానో పేరు ముందు అతికిస్తుంది. అవి తీసేసి వెజ్ గడి చేత్తో నింపుకో.

ములుగు రోడ్డు: గుడ్డు వెజ్‌లో వేస్తావా, నాన్‌వెజ్‌లోనా? మా ఇంట్లో మాంసం తినరు, గుడ్డు తింటారు.

పల్లీపట్టి: ఆహార శాఖ లెక్క ప్రకారం గుడ్డు నాన్‌వెజే అక్కా.

ములుగు రోడ్డు: శాఖ లెక్క నాకెందుకు, తినేవాళ్ల లెక్క కావాలి.

కాజీపేట జంక్షన్: గుడ్డు అని మూడో మాట పెట్టు. అయిపోయింది.

పల్లీపట్టి: అదీ బాగానే ఉంది. కానీ గోబీ 65 పిండిలో కొన్నిచోట్ల గుడ్డు కొడతారు. అదెక్కడ వేస్తారు?

హన్మకొండ చౌరస్తా: ఫోటో సరిచేస్తే నాటుకోడికి 320 వచ్చింది, ఫిష్ ఫ్రై ఖాళీ, నాన్ 45. థాంక్స్ సార్. గోబీ సంగతి బాబాయిని అడగాలి, ఫోన్ ఎత్తట్లేదు.