చర్చ: పోలింగ్ ముందు వచ్చే ‘లీకు ఆడియో’ అసలుదో కాదో ఇంట్లో కూర్చుని తేల్చగలమా?

పటమట_77: అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఆడియో తిరుగుతోంది. 40 సెకన్లు ఉంటుంది. పెద్ద నాయకుడి గొంతే, ‘గెలిచాక పింఛన్లు కోసేద్దాం’ అంటున్నట్టు ఉంది. పైన Forwarded many times అని జంట బాణాలు ఉన్నాయి. సగం మంది నిజమంటున్నారు, సగం మంది ఏఐ అంటున్నారు. చెక్ చేసే యాప్ ఏదైనా ఉందా?

బ్రాడీపేట_కుర్రాడు: చాలా తేలికండి. కళ్లు ఆర్పుతున్నారా, పెదాలు మాటతో కలుస్తున్నాయా చూడండి. తేడా ఉంటే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో పెట్టేయండి, 100 నిమిషాల్లో చర్య తీసుకుంటారు.

మైకుసెట్టు: తమ్ముడూ, ఆయన అడిగింది ఆడియో గురించి, పెదాలెక్కడివి? కళ్లార్పడం పాత గుర్తు, ఇప్పటి వీడియోల్లో కళ్లు బాగానే ఆర్పుతున్నాయి. 100 నిమిషాల మాట నిజమే. కానీ సీ-విజిల్ మన కళ్ల ముందు జరిగేదాన్ని అక్కడికక్కడే తీసి పంపడానికి పెట్టింది. డబ్బు, మద్యం పంచుతుంటే పనికొస్తుంది. గ్యాలరీలో ఉన్న ఫార్వర్డ్‌ని అది తీసుకోదు.

పటమట గారూ, ఆ జంట బాణాలు చెప్పేది ఒక్కటే: అది మీ దాకా రావడానికి కనీసం ఐదు చేతులు మారింది. అంటే మొదట పెట్టిందెవరో మీ గ్రూపులో ఎవరికీ తెలియదు. యాప్‌ల మీద ఆశ పెట్టుకోకండి. వాట్సాప్ శబ్దాన్ని బాగా కుదించేస్తుంది. యంత్రం పట్టుకోవాల్సిన సన్నని తేడాలు అక్కడే పోతాయి. దాని మీద ఎవరో ఫ్యాన్ హోరో, ఫోన్ గరగరో కలిపితే మరీ కష్టం. ‘70 శాతం ఏఐ’ అని వచ్చినా దాన్ని తీర్పు అనుకోవద్దు. ఊపిరి తీసుకోవడం, ళ-ల తేడా, ఊరి పేరు పలికే తీరు గమనించవచ్చు గానీ, మిమిక్రీ చేసేవాడు వీటన్నిటినీ సరిగ్గా పలుకుతాడు.

అరండల్‌పేట_రమణ: మా బావమరిది గొంతుతో ఫోన్ చేసి ఇరవై వేలు అడిగారు. సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాం. ఇదీ అక్కడే చెప్పాలా?

మైకుసెట్టు: కాదండీ. 1930 డబ్బు పోయినప్పుడు. ఇది వేరే దారి.

ఎడిటింగ్‌బల్ల: నా మాట: ముందు గొంతును పక్కన పెట్టి, వాక్యం వెంట పడండి. ఏ ఊళ్లో, ఏ రోజు, ఎవరి ముందు అన్నారు? 2024 ఏప్రిల్‌లో అమిత్ షా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు తీసేస్తామన్నట్టు ఒక వీడియో తిరిగింది. దానికి ఏఐ అక్కర్లేకపోయింది, కత్తెర చాలింది. అసలు ప్రసంగం 2023 ఏప్రిల్ 23న చేవెళ్ల సభలోది. అందులో ఆయన అన్నది ముస్లిం రిజర్వేషన్లు తీసేసి వాటిని ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఇస్తామని. గొంతు ఆయనదే, ముఖం ఆయనదే. డీప్‌ఫేక్ పరీక్ష పెడితే ‘అసలుది’ అనే వచ్చే అవకాశం ఎక్కువ.

ఇలాంటివి పట్టాలంటే వీడియో ఆపి, వేదిక, బ్యానరు కనిపించే ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేయండి. సభ ఏదో తెలిస్తే యూట్యూబ్‌లో ఆ తేదీ పూర్తి ప్రసంగం వెతికి, ఆ మాటకు ముందూ వెనకా రెండేసి నిమిషాలు వినండి. తల ఒక్కసారిగా పక్కకు ఎగిరినట్టున్నా, జనం చప్పట్లు మధ్యలో తెగినా అక్కడ కోత పడిందని అనుమానించాలి. తెలివైనవాళ్లు ఆ చోట జనాన్ని చూపించి కప్పేస్తారు.

పటమట_77: నా దగ్గరున్నది ఆడియోనే కదా, బ్యానరెక్కడ?

ఎడిటింగ్‌బల్ల: అదే దాని బలం. స్లొవేకియాలో 2023లో పోలింగ్‌కి రెండు రోజుల ముందు ఇలాంటి ఆడియోనే వదిలారు. అప్పుడు అక్కడ ప్రచార విరామం. మన దగ్గర పోలింగ్ ముందు ప్రచారం ఆగిపోయే 48 గంటలు కూడా అలాంటి సమయమే. ఊరూ తేదీ చెప్పని ఆడియో అయితే ‘తేలలేదు’ అనడమే సరైన జవాబు. డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ వాట్సాప్ నంబరు 9999025025కి పంపండి, తెలుగులోనూ తీసుకుంటారు. జవాబు పోలింగ్ లోపు వస్తుందన్న హామీ మాత్రం లేదు.

బ్రాడీపేట_కుర్రాడు: ఇలాంటి నకిలీలను పార్టీలు 3 గంటల్లో తీసేయాలని ఈసీ చెప్పిందిగా?

మైకుసెట్టు: చెప్పింది, 2024 మే 6న. అది పార్టీలకు, వాళ్ల ఖాతాల్లో పెట్టినవాటికి. మన మూసిన గ్రూపులోకి ఆ చెయ్యి రాదు. అందుకే మెసేజ్‌ని నొక్కి పట్టి Report కొట్టండి. ‘ఇది నిజమేనా?’ అని ఇంకో గ్రూపుకి మాత్రం పంపకండి, ప్రశ్న ఊడిపోయి ఆడియో ఒక్కటే ముందుకెళ్తుంది. అడగాలంటే అందులోని మాటను టైపు చేసి అడగండి.

బెజవాడ_అడ్మిన్: అడ్మిన్‌గా నేనైతే అందరికీ కనబడకుండా డిలీట్ చేసేస్తాను.

ఎడిటింగ్‌బల్ల: చేసే ముందు పంపినవారు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఫైలు ఒక కాపీ ఉంచుకోండి. రేపు ఫిర్యాదు అంటే చూపించేది అదే.

బెజవాడ_అడ్మిన్: కాపీ ఉంచుకుంటే నన్నే అడగరా, ఎందుకు దాచావని?

మైకుసెట్టు: ఆ మాట వకీలు ఎవరైనా చెప్పాలి.